చిత్తూరు కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసును చెన్నైకి మార్చాలంటే ఏం చేయాలి?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ప్రైవేటు కంపెనీ ఉందనుకుందాం. ఫ్యాక్టరీ ఇక్కడే ఉంటుంది, రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రం చెన్నైకి మారాలి. రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి డైరెక్టర్ల తీర్మానం ఒక్కటే సరిపోదు. 2013 కంపెనీల చట్టం 13వ సెక్షన్ కింద వాటాదారుల ప్రత్యేక తీర్మానం, ఆ తర్వాత కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకు హైదరాబాద్‌లో ఉండే ప్రాంతీయ డైరెక్టర్ ఆమోదం ఉండాలి. కంపెనీ మీద చట్టం కింద విచారణో, ప్రాసిక్యూషనో నడుస్తుంటే అనుమతి రాదు. ముందు అది చూసుకోండి.

బోర్డు మీటింగ్ పెట్టి, 21 రోజుల నోటీసుతో వాటాదారుల సమావేశం పిలవాలి. డిసెంబర్ 1న తీర్మానం నెగ్గితే 30 రోజుల్లోపు దాన్ని కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే MGT-14 ఫారం దాఖలు చేయాలి. ఇంతవరకు సులువే.

అసలు టెన్షన్ అప్పులవాళ్ల జాబితాతోనే. ప్రాంతీయ డైరెక్టర్‌కు దరఖాస్తు వేసే రోజుకు ఈ జాబితా నెల కంటే పాతది కాకూడదు. చాలామంది మార్చి 31 నాటి ఆడిట్ లెక్క తీసి పెట్టేస్తారు, అది చెల్లదు. బ్యాంకుతో పాటు డ్రమ్ములు సప్లై చేసినవాళ్లు, లారీలవాళ్లు, కాయలు తోలిన రైతులు, ఎవరికి బాకీ ఉన్నా పేరు రాయాల్సిందే. ప్రతి ఒక్కరికీ అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. తోతాపురి సీజన్ అయిన జూన్, జూలైల్లో ఈ పని పెట్టుకుంటే జాబితా చాంతాడంత అవుతుంది. బాకీలు తీరాక, జనవరిలో పెట్టుకోవడం మేలు.

జనవరి 5 నాటికి జాబితా తయారుచేసి, అదే రోజు నోటీసులు పోస్టు చేసి, INC-26 నమూనాలో పత్రికా ప్రకటన ఇచ్చారనుకోండి. ప్రకటన ఒక తెలుగు పత్రికలోనూ, ఒక ఇంగ్లీషు పత్రికలోనూ రావాలి. తమిళనాడుకు పోతున్నాం కదా అని తమిళంలో వేస్తే కుదరదు, ఇప్పుడున్న జిల్లా భాషే లెక్క. అభ్యంతరాలకు 14 రోజుల గడువు. ప్రకటనకూ దరఖాస్తుకూ మధ్య 30 రోజులు దాటకూడదు. అంటే జనవరి 20 నుంచి ఫిబ్రవరి 4 లోపు దరఖాస్తు ఫారం INC-23 వేసేయాలి. ఆలస్యమైతే ప్రకటన ఖర్చు మళ్లీ మీదే.

INC-23తో పాటు జాబితా సరైనదేనని ఒక అఫిడవిట్, ఈ మార్పు వల్ల ఉద్యోగులెవరినీ తీసేయబోమని ఇంకొకటి జతచేయాలి. దరఖాస్తు కాపీ మన రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి, కంపెనీల రిజిస్ట్రార్‌కు అందాలి. బ్యాంకు లోను ఉంటే నిరభ్యంతర పత్రం ముందే తెచ్చుకోండి. అప్పులవాళ్లు ఒప్పుకున్నారనో, వాళ్ల బాకీ తీరిందనో, దానికి తగిన భద్రత ఉందనో ప్రాంతీయ డైరెక్టర్‌కు నమ్మకం కలగాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే హియరింగ్ ఉంటుంది.

ప్రాంతీయ డైరెక్టర్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు దాన్ని INC-28 ఫారంతో రిజిస్ట్రార్ దగ్గర వేయాలి. కొత్త చిరునామా కోసం అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి పెట్టి INC-22 ఫారం కూడా దాఖలు చేయాలి. తమిళనాడు రిజిస్ట్రార్ కొత్త సర్టిఫికెట్ ఇస్తారు. కంపెనీ గుర్తింపు సంఖ్యలో AP పోయి TN వస్తుంది కాబట్టి లెటర్‌హెడ్లు, బిల్లులు, బ్యాంకు రికార్డులు మార్చుకోవాలి. ఫ్యాక్టరీ ఇక్కడే నడుస్తుంది కనుక దాని ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ను మాత్రం రద్దు చేసుకోకండి.