రీటోపాలజీ పాఠం 4: కన్ను చుట్టూ వేసిన లూప్ నిజంగా మూసుకుందా?

Blender లో చెక్కిన తల శిల్పం మీద కొత్త మెష్ కడుతున్నాం కదా, ఈ పాఠంలో కంటి లూపుల్నీ నోటి లూపుల్నీ బుగ్గ మీద కలుపుదామనుకున్నాను. పోయినసారి కన్ను చుట్టూ నాలుగు, నోటి చుట్టూ నాలుగు లూపులు వేసుకు రమ్మన్నాను కదా. మీరు పంపిన ఫైళ్లు తెరిచాక బుగ్గ సంగతి చివరికి నెట్టాను. అన్నీ నాలుగు అంచుల క్వాడ్‌లే, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ చాలామంది కళ్లలో లూప్ మూసుకోలేదు. చుట్టూ తిరిగొచ్చి పక్క లూప్‌లోకి జారిపోయింది. అంటే అది స్పైరల్. మీకు కనిపించకపోవడంలో వింతేం లేదు, కంటికి అది లూప్‌లాగే ఉంటుంది.

కనిపెట్టడం తేలికే. Viewport Overlays లో Statistics ఆన్ చేయండి. ఎడ్జ్ మోడ్‌లో, రెప్ప అంచు నుంచి రెండో లూప్ మీద Alt నొక్కి క్లిక్ చేయండి. మనం వేసుకున్నది పదహారు వెర్టెక్స్‌ల కన్ను: లోపలి మూల ఒకటి, బయటి మూల ఒకటి, పై రెప్పకు 7, కింది రెప్పకు 7. కాబట్టి Edges దగ్గర 16 రావాలి. ఒక ముసలాయన తల ఫైల్‌లో నేను క్లిక్ చేస్తే లెక్క 30 దాటింది, రెండో లూపూ మూడో లూపూ కలిపి నారింజ రంగులో వెలిగాయి. కంటి రంధ్రం అంచు లెక్కపెడితే 17 వచ్చింది. ఆ అదనపు ఎడ్జ్ రెప్ప వెంట పోవట్లేదు. లోపలి మూల దగ్గర మెట్టులా అడ్డంగా బయటికి వెళ్తోంది. స్పైరల్ మొదలైంది అక్కడే.

ఎలా వచ్చిందో ఊహించగలను. మీరు కంటిని ఒక్కో క్వాడ్ అతికిస్తూ చుట్టుకొచ్చారు. తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి, లోపలి మూలలో వెర్టెక్స్‌లు ఇరుక్కుని ఉంటాయి. మొదటి లూప్ చివరి వెర్టెక్స్‌ని మొదటి లూప్ మొదటి వెర్టెక్స్‌కి కలపాల్సింది పోయి, దాని పక్కనున్న రెండో లూప్ వెర్టెక్స్‌కి కలిపారు. ఒక్క తప్పు క్లిక్ అంతే. ఆ తర్వాతివన్నీ దాన్నే అనుసరించి ఒక్కో వరస జరిగిపోయాయి.

"అయితే ఏమైంది, క్వాడ్‌లే కదా" అని ఒకరు అడిగారు. ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే అడిగి, రిగ్గింగ్ చేసే అతనితో చీవాట్లు తిన్నాను. రెప్ప మూసినప్పుడు పై రెప్పలోని ఏడు వెర్టెక్స్‌లూ కింది రెప్పలో ఎదురుగా ఉన్న ఏడింటి మీదికి వచ్చి కూర్చోవాలి. స్పైరల్‌లో రంధ్రం చుట్టూ బేసి సంఖ్య ఉంటుంది, ఒకదానికి జోడీ దొరకదు. అది ముక్కు వైపు మూలలో ఎప్పుడూ చిన్న సందుగానో ముడతగానో మిగిలిపోతుంది. ఇంకోటి: రెప్పకి ఒక లూప్ అదనంగా కావాలని Ctrl+R నొక్కితే, ఆ పసుపు గీత ఒక చుట్టుతో ఆగదు, పాములా అన్ని వరసల్లోంచీ పాకుతుంది. వెయిట్లు వేసేవాళ్లు రెప్ప అంచుని ఎంచుకుందామంటే కనుబొమ్మ దాకా వచ్చేస్తుంది.

బాగు చేయడానికి అయిదు నిమిషాలు చాలు, ఇంకా బుగ్గకి కలపకపోతేనే. ముసలాయన కన్నే తీసుకుందాం. జారిన చోట అడ్డంగా చూస్తే, ఎడమ నిలువు వరసలో నాలుగు వెర్టెక్స్‌లు, కుడి నిలువు వరసలో నాలుగు ఉన్నాయి. ఎడమ ఒకటోది కుడి రెండోదానికి, ఎడమ రెండోది కుడి మూడోదానికి, ఎడమ మూడోది కుడి నాలుగోదానికి కలిసి ఉన్నాయి. వాటి మధ్య ఉన్నవి రెండే ఫేసులు. ఆ రెండూ తీసేశాను. ఇప్పుడు ఎడమ వైపు మూడు నిలువు ఎడ్జ్‌లు, కుడి వైపు మూడు. రెంటినీ ఎంచుకుని Bridge Edge Loops కొట్టాను, మూడు ఫేసులు వచ్చాయి. ఒకటికి ఒకటి, రెండుకి రెండు. రెండు తీసి మూడు పెట్టాను, స్పైరల్ పోయింది. తర్వాత G రెండుసార్లు నొక్కి వెర్టెక్స్‌లని కాస్త జరిపి ఎడాలు సరిచేశాను. మళ్లీ Alt క్లిక్ చేస్తే 16.

అసలు నేను కంటిని ఒక్కో క్వాడ్‌గా ఎప్పుడూ కట్టను. ముందు రెప్ప అంచు మీద పదహారు వెర్టెక్స్‌లు పేర్చి, చివరిదాన్నీ మొదటిదాన్నీ F తో కలిపి, ఫేసులేమీ లేని వలయం ఒకటి పూర్తి చేస్తాను. తర్వాత వలయం మొత్తాన్ని ఎంచుకుని E, S. వలయం అంతా ఒకేసారి బయటికి వస్తుంది కాబట్టి జారే అవకాశమే ఉండదు. స్నాప్ ఉన్నా శిల్పానికి సరిగ్గా అంటదు, ఒక్కో వరస తర్వాత చేత్తో సర్దుకోవాలి. ఆ శ్రమ నాకు పర్వాలేదు.

నోటి విషయానికొస్తే, ఒక మంచి కబురు. Mirror వేసుకుని సగం ముఖమే చేస్తున్నారు కాబట్టి నోటి చుట్టూ స్పైరల్ రాదు. ఎడమ వైపు పోతూ ఒక వరస బయటికి జారితే, కుడి వైపు తిరిగొస్తూ అద్దంలో అదే వరస లోపలికి జారి మొదటి చోటికే చేరుతుంది. కంటికి ఆ రక్షణ లేదు, అది పూర్తిగా ఒక పక్కనే ఉంటుంది. అయితే నోటిలో జారుడు వేరే రూపంలో వస్తుంది: పై పెదవి మధ్య రేఖ మీద మూడో లూప్, కింది పెదవి మధ్య రేఖ దగ్గరికి వచ్చేసరికి నాలుగోది అయిపోతుంది. లూప్ మూసుకుంటుంది కాబట్టి Alt క్లిక్‌లో తప్పు దొరకదు. అందుకే అంచు నుంచి వరసలు లెక్కపెట్టాలి, పైనా కిందా. లెక్క తేడా వస్తే, కింద మిగిలిన వరస పెదవుల మూలలో నోటి లోపలికి పడి ఆగిపోయిందన్నమాట. నోరు తెరిచిన ప్రతిసారీ మూల అక్కడ చిరిగినట్టు ముడుచుకుంటుంది. మందు అదే. మూల దగ్గరి నిలువు వరస తీసి, ఒకటికి ఒకటి కలపండి. చివర్లో బయట ఒక వరస మిగులుతుంది, దాన్ని తీసేయండి. పెదవుల మూల నుంచి బుగ్గ వైపు వెళ్లే ఎడ్జ్ అన్ని లూపుల్నీ తిన్నగా దాటుతుంటే పని సరిగా ఉన్నట్టు.

ఇక బుగ్గ గురించి రెండు మాటలు. కంటి లూపులు, నోటి లూపులు, చెవి వైపు పోయే వరసలు కలిసే చోట ఐదు ఎడ్జ్‌ల పోల్ ఒకటి తప్పదు. దాన్ని పోగొట్టాలని చూడకండి, ఎక్కడ పెట్టాలో చూడండి. ముక్కు రెక్క పక్క నుంచి మొదలై పెదవుల మూల బయటగా దిగే నవ్వు గీత మీద మాత్రం వద్దు. నవ్వినప్పుడు ఎక్కువ మడత పడేది అక్కడే, పోల్ ఉంటే నున్నగా మడవదు. నేనైతే ఆ గీతకి బయట, చెంప ఎముక మీద పెడతాను. అక్కడ చర్మం తక్కువ మడత పడుతుంది.

అభ్యాసం: ముందు కావాలనే ఒక స్పైరల్ కన్ను చేయండి, నాలుగు వరసలతో. పైన చెప్పినట్టు బాగు చేయండి. తర్వాత కనుగుడ్డుకి ఒక గోళం పెట్టి, blink_L అనే షేప్ కీలో పై రెప్ప ఏడు వెర్టెక్స్‌ల్ని కింది ఏడింటి మీదికి ఒక్కొక్కటిగా దించండి. రెప్ప పైభాగంలో వరసలు చాలక సాగిపోతే అక్కడ Ctrl+R తో ఒక లూప్ వేయండి. ఒక్క చుట్టుతో ఆగిందో లేదో అక్కడే తెలుస్తుంది. చివర్లో షేప్ కీ విలువ 0.5 దగ్గర పెట్టి చూడండి. రెప్ప గోళంలోకి దూరిపోతుంది. కంగారుపడి లూపులు మార్చకండి, అది టోపాలజీ తప్పు కాదు. షేప్ కీ వెర్టెక్స్‌ని తిన్నని గీతలో తీసుకెళ్తుంది, గుడ్డేమో గుండ్రంగా ఉంది. దాని సంగతి పాఠం 5లో.