స్ప్రెడ్ నుంచి తీసిన డిఫాల్ట్ సంభావ్యత ఎక్కువగా వస్తోందా? ముందు ఇది చూడండి

సమస్య: ఏఏ రేటింగ్ ఉన్న 5 ఏళ్ల ఎన్‌సీడీ. ఈల్డ్ 7.80%, అదే కాలపరిమితి గల జీ-సెక్ ఈల్డ్ 7.00%, రికవరీ 40% అనుకున్నారు. ఫార్ములా అందరికీ తెలిసిందే:

```
h = s / (1 - R)
PD = 1 - exp(-h*T)
```

రెండు ఈల్డ్‌ల తేడా, అంటే స్ప్రెడ్ s, 0.80. దాన్ని 1 - R అంటే 0.60తో భాగిస్తే డిఫాల్ట్ రేటు h ఏడాదికి 1.33%. 5 ఏళ్లకు దాదాపు 6.5%. మరీ ఎక్కువ అనిపించగానే చాలామంది రికవరీని అటూ ఇటూ మార్చడం మొదలుపెడతారు. దాన్ని ముట్టుకోకండి, తప్పు అక్కడ లేదు.

కారణం: మన జీ-సెక్‌లు ఆరు నెలలకోసారి కూపన్ ఇస్తాయి, వాటి ఈల్డ్‌ను కూడా ఆ లెక్కనే చెబుతారు. ఎన్‌సీడీలు ఎక్కువగా ఏడాదికోసారి ఇస్తాయి, వాటి ఈల్డ్ వార్షికం. స్క్రీన్ మీద రెండూ "ఈల్డ్" అనే కనిపిస్తాయి కాబట్టి తీసివేత చేసేస్తాం. కానీ ఆరు నెలల లెక్కలో 7.00% అంటే వార్షికంగా 7.1225%. అసలు స్ప్రెడ్ 80 కాదు, 68 బేసిస్ పాయింట్లకు కాస్త తక్కువ. 12 పాయింట్లే కదా అనుకోవద్దు, 80లో 12 అంటే ఆరో వంతుకు దగ్గర. పైగా వడ్డీ రేట్లు పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. స్ప్రెడ్ సన్నగా ఉండే మంచి రేటింగ్ బాండ్ల దగ్గరే దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఎలా పట్టుకోవాలి: జీ-సెక్ ధర, కూపన్ తేదీలనే మీ షీట్‌లో కార్పొరేట్ బాండ్ స్థానంలో పెట్టి, ఈల్డ్‌ను వార్షికంగా తీయండి. సంభావ్యత సున్నా రావాలి. లెక్కలు కలవకపోతే భారత ప్రభుత్వమే 5 ఏళ్లలో డిఫాల్ట్ అయ్యే అవకాశం 1% అని షీట్ చెబుతుంది. అదొక్కటి చూస్తే చాలు.

పరిష్కారం: తీసివేతకు ముందే జీ-సెక్ ఈల్డ్‌ను వార్షికం చేయండి.

```
=EFFECT(7%,2)
```

ఇప్పుడు h 1.13%, 5 ఏళ్లకు 5.5%. ఇంకా కచ్చితంగా కావాలంటే రెండు వార్షిక ఈల్డ్‌లకూ `LN(1+y)` వేసి తీసివేయండి. 5.1% దగ్గర ఆగుతుంది. నెలనెలా వడ్డీ ఇచ్చే ఎన్‌సీడీ అయితే దాని ఈల్డ్‌ను ఏ లెక్కన చెప్పారో కూడా అడగండి.

సరిచేశాక కూడా రేటింగ్ ఏజెన్సీల పాత డిఫాల్ట్ రేట్ల కన్నా కొన్ని రెట్లు ఎక్కువే వస్తుంది. అది లోపం కాదు. స్ప్రెడ్‌లో రిస్క్‌కు ఇన్వెస్టర్లు అడిగే అదనపు ప్రతిఫలం, అమ్ముకోవడం కష్టమన్న భయం కూడా కలిసి ఉంటాయి. రిస్క్-న్యూట్రల్ సంభావ్యత వాటన్నిటినీ డిఫాల్ట్ ఖాతాలోనే రాసేస్తుంది.

బాండ్ ధర 35 దగ్గర ఉండగా రికవరీ 40 అని పెడితే జవాబుకు అర్థమే ఉండదు, రికవరీ తగ్గించండి. కాల్ ఆప్షన్ ఉన్న బాండ్లకూ, పర్పెచువల్స్‌కూ ఈ ఫార్ములా వాడొద్దు.