విద్యుత్ రసాయనం ఒక్క పేజీలో – 3వ భాగం: ఘట సంకేతం నుంచి నెర్న్‌స్ట్ లెక్క దాకా

కిందటి భాగంలో ఆనోడ్ వద్ద ఆక్సీకరణం, కాథోడ్ వద్ద క్షయకరణం జరుగుతాయన్న దగ్గర ఆగాము. ఆ పాఠం చదివిన ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు కందుకూరు నుంచి కావలికి బస్సులో వచ్చి తన నోట్సు నాకు చూపించాడు. ఆ అధ్యాయాన్ని అతడు పద్నాలుగు పేజీలకు కుదించాడు గాని, అందులో సూత్రాలన్నీ ఉన్నా ఏ సూత్రం ఎప్పుడు వాడాలో ఒక్కచోటా లేదు. కుదింపు అంటే సూత్రాల జాబితా కాదు, లెక్క చేసేటప్పుడు చెయ్యి ఏ వరుసలో కదలాలో ఆ వరుసే. అందుకని ఈ భాగంలో ఒకే ఒక ఘటాన్ని తీసుకుని ఆ వరుసను చూద్దాం.

జింక్ కడ్డీ 0.1 M జింక్ అయాన్ల ద్రావణంలోనూ, వెండి కడ్డీ 0.01 M వెండి అయాన్ల ద్రావణంలోనూ ఉన్నాయనుకోండి. ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ జింక్‌కు −0.76 V, వెండికి +0.80 V. విలువ తక్కువగా ఉన్న జింక్ ఎలక్ట్రాన్లను వదులుతుంది కనుక అది ఆనోడ్ అవుతుంది, దాన్ని ఎడమవైపు రాస్తాము.

```
Zn | Zn²⁺ (0.1 M) || Ag⁺ (0.01 M) | Ag
```

ఒంటి గీత ఘన పదార్థానికీ ద్రావణానికీ మధ్య హద్దును, జంట గీత లవణ వారధిని సూచిస్తాయి. గాఢతను అయాన్ పక్కనే కుండలీకరణాల్లో రాయాలి. Fe³⁺, Fe²⁺ వంటి జంటలో రెండూ ద్రావణంలోనే ఉంటాయి కాబట్టి ఎలక్ట్రాన్లు అందుకోవడానికి ప్లాటినం తీగను చేర్చి, దాన్ని కూడా సంకేతంలో చూపాలి. ప్రయోగశాలలో ఈ వెండి ఘటాన్ని కట్టేవారు లవణ వారధిలో పొటాషియం క్లోరైడ్ వాడకూడదు. క్లోరైడ్ అయాన్లు వెండి అయాన్లతో కలిసి తెల్లని అవక్షేపంగా దిగిపోతాయి. అందుకే అక్కడ పొటాషియం నైట్రేట్ వాడతారు.

సంకేతం ఎంత చక్కగా రాసినా అందులో గుణకాలు కనిపించవు. మా కందుకూరు విద్యార్థి పొరపాటు పడింది అక్కడే. సంకేతాన్ని చూస్తూ నేరుగా నెర్న్‌స్ట్ సమీకరణంలోకి దూకి, Q విలువను 0.1/0.01 = 10 గా తీసుకున్నాడు, జవాబు 1.53 V వచ్చింది. సంకేతానికీ సూత్రానికీ మధ్య తుల్య సమీకరణం అనే మెట్టు ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు.

```
Zn + 2Ag⁺ → Zn²⁺ + 2Ag
n = 2
Q = [Zn²⁺] / [Ag⁺]² = 0.1 / (0.01)² = 1000
E° = 0.80 − (−0.76) = 1.56 V
E = E° − (0.0591/n) log Q
  = 1.56 − (0.0591/2) × 3 = 1.47 V
```

వెండికి గుణకం 2 ఉన్నందువల్ల గాఢతకు వర్గం వచ్చింది. అయితే అదే 2 తో 0.80 ను కూడా గుణించాలని చాలామంది అనుకుంటారు, అది తప్పు. పొటెన్షియల్ అనేది ఒక్కొక్క కూలూంబ్ ఆవేశానికి దక్కే శక్తి, కనుక పదార్థం రెట్టింపైనా అది మారదు. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. సమీకరణం మొత్తాన్ని సగం చేసి రాస్తే n విలువ 1 అవుతుంది, Q విలువ 1000 కు వర్గమూలం, దాని లాగ్ 1.5. అప్పుడు 0.0591 × 1.5 తీసివేసినా మళ్లీ 1.47 V వస్తుంది.

జవాబు వచ్చాక దిశ కూడా చూడాలి. ఇక్కడ ఖర్చయ్యే వెండి అయాన్లు పలచగా ఉన్నాయి, Q విలువ 1 కన్నా ఎక్కువ, కాబట్టి E విలువ E° కన్నా తగ్గి తీరాలి. పెరిగిందంటే Q ను తలకిందులుగా రాశారన్నమాట. 1.53 కూడా తగ్గిన విలువే గనుక వర్గం మరచిన తప్పును ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి తుల్య సమీకరణం తప్ప వేరే మందు లేదు.

0.0591 అనే అంకె 298 K వద్ద, అంటే 25 డిగ్రీల వద్ద మాత్రమే వర్తిస్తుంది. అది 2.303RT/F విలువ. రోహిణి కార్తెలో నెల్లూరు గదిలో 40 డిగ్రీలుంటే, అక్కడ ఆ విలువ సుమారు 0.0621 అవుతుంది, E° కూడా కొద్దిగా మారుతుంది. పరీక్షలో ఉష్ణోగ్రత వేరుగా ఇస్తే 0.0591 ను పక్కన పెట్టి అసలు సూత్రంతో మొదలుపెట్టండి.

మీ పేజీలో ఈ ఘటాన్నే ఉంచి, దాని పక్కన వరుసను రాసుకోండి: సంకేతం, అర్ధచర్యలు, తుల్య సమీకరణం, n, Q, E°, ఆపైన నెర్న్‌స్ట్, చివరగా దిశ.

వచ్చే భాగానికి ముందు దీన్ని చేయండి. రాగి పొటెన్షియల్ +0.34 V.

```
Cu | Cu²⁺ (0.01 M) || Ag⁺ (0.1 M) | Ag
```

0.49 V వచ్చినవారు తమ Q ను మరోసారి చూసుకోవాలి. 0.46 V వచ్చి, గాఢతలు ప్రమాణ విలువల్లో లేకపోయినా E, E° ఒకటే ఎందుకయ్యాయని అడిగేవారికి జవాబుతోనే నాలుగో భాగం మొదలవుతుంది.