కోర్టులన్నీ అయిపోయాక ఐరాస మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు ఎలా చేయాలి?

శ్రీలంకలో 1993 జూలైలో సింగరాస అనే తమిళ యువకుణ్ణి అరెస్టు చేశారు. అతనికి సింహళం రాదు. అయినా సింహళంలో టైపు చేసిన నేరాంగీకార పత్రం మీద అతని వేలిముద్ర తీసుకున్నారు. తనను చిత్రహింసలు పెట్టి వేయించుకున్నారని అతను కోర్టులో చెప్పాడు. ఆ కాగితం ఆధారంగానే 1995లో 50 ఏళ్ల శిక్ష పడింది. అప్పీలులో అది 35 ఏళ్లకు తగ్గింది. 2000 జనవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికే అనుమతి ఇవ్వలేదు. మరుసటి ఏడాది అతని ఫిర్యాదు జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి వెళ్లింది.

ఇలాంటి ఫిర్యాదు ఎలా నిలబడుతుందో, గెలిచాక ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ఈ ఒక్క కేసులోనే తెలుస్తుంది. అందుకే దాన్ని పట్టుకునే దశలన్నీ చెబుతాను.

మొదట చూడాల్సింది: ఆ దేశం ఒప్పుకుందా?

ఈ కమిటీ పర్యవేక్షించే అంతర్జాతీయ ఒప్పందం పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక. దాని మీద సంతకం చేసినంత మాత్రాన ఒక దేశం మీద ఫిర్యాదు చేయడం కుదరదు. వ్యక్తులు ఫిర్యాదు చేసుకోవచ్చని చెప్పే మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను కూడా ఆ దేశం విడిగా అంగీకరించాలి. భారత్ 1979లో ఒడంబడికలో చేరింది గానీ ఈ ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జరిగిన అన్యాయం మీద భారత్‌కు వ్యతిరేకంగా ఈ కమిటీకి వెళ్లే దారి లేదు. ఇది చెప్పడానికి బాధగానే ఉంటుంది, కానీ ముందే తెలియాలి. అమెరికా, బ్రిటన్ కూడా ఈ ప్రోటోకాల్‌లో లేవు. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, జర్మనీ, నేపాల్, శ్రీలంక ఉన్నాయి. అక్కడ ఉండే తెలుగువాళ్లకు ఆ దేశ పౌరసత్వం లేకపోయినా ఫర్వాలేదు. అన్యాయం జరిగినప్పుడు ఆ దేశ అధికార పరిధిలో ఉంటే చాలు. ఏ దేశం దేనికి ఒప్పుకుందో indicators.ohchr.org లో చూడవచ్చు.

తేదీ కూడా చూడాలి. ప్రోటోకాల్ ఆ దేశానికి వర్తించకముందు జరిగి ముగిసిపోయిన సంగతులను కమిటీ ముట్టుకోదు. శ్రీలంకకు అది 1998 జనవరిలో అమల్లోకి వచ్చింది. సింగరాసకు శిక్ష పడింది 1995లో. మరి కేసు ఎలా నిలబడింది? పై కోర్టులు ఆ తీర్పును సమర్థించింది 1999, 2000లలో. ఆ సమర్థనతో అన్యాయం కొత్త తేదీల్లోకి వచ్చిందని కమిటీ తీసుకుంది.

ఎక్కువ ఫిర్యాదులు ఆగిపోయే చోటు

విచారణార్హతలో అన్నిటికంటే కఠినమైన షరతు ఇది: సొంత దేశంలో ఉన్న మార్గాలన్నీ వాడుకుని ఉండాలి. అంటే మామూలుగా అన్నిటికంటే పై కోర్టు దాకా వెళ్లాలి. వెళ్లడం ఒక్కటే చాలదు, ఇప్పుడు జెనీవాలో చెప్పబోయే అన్యాయాన్నే అక్కడి కోర్టుల్లోనూ చెప్పి ఉండాలి. ఒడంబడిక అధికరణ నంబరు చెప్పకపోయినా నష్టం లేదు. ‘నాకు అనువాదకుణ్ణి ఇవ్వలేదు’ అన్న అసలు విషయం అక్కడి పిటిషన్‌లో కనబడాలి. కనబడకపోతే ఆ అంశం వరకు తలుపు మూసుకున్నట్టే.

‘వెళ్లినా ఓడిపోయేవాణ్ణి’ అన్న అనుమానం మినహాయింపు కాదు. అయితే విచారణ అకారణంగా ఏళ్ల తరబడి సాగుతుంటే, లేదా ఆ మార్గం నిజంగా పనికిరానిదని చూపగలిగితే కమిటీ పట్టుబట్టదు. సింగరాస రాష్ట్రపతి క్షమాభిక్ష అడగలేదని శ్రీలంక ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. క్షమాభిక్ష అసాధారణ దయ, న్యాయమార్గం కాదని కమిటీ దాన్ని తోసిపుచ్చింది. డబ్బు లేక అప్పీలుకు వెళ్లలేదంటే మాత్రం, ఉచిత న్యాయసహాయం అడిగారా అన్న ప్రశ్న వస్తుంది. అడిగిన దరఖాస్తు, వచ్చిన జవాబు దాచుకోండి.

మిగతా షరతులు సులువు. పేరు లేకుండా పంపకూడదు, కానీ ప్రచురణలో పేరు దాచమని కోరవచ్చు. బాధితుడే ఫిర్యాదు చేయాలి, లేదా అతను రాసిచ్చిన అధికార పత్రంతో వేరొకరు చేయాలి. అదే విషయం మరో అంతర్జాతీయ సంస్థ ముందు నడుస్తూ ఉండకూడదు. గడువు ఖచ్చితంగా లేదు గానీ, దేశంలో చివరి తీర్పు వచ్చిన 5 ఏళ్ల తర్వాత పంపితే హక్కును దుర్వినియోగం చేస్తున్నారని కొట్టేసే ప్రమాదం ఉంది. వేరే కమిటీల్లో కొన్నిటి గడువులు ఇంకా తక్కువ. జాతి వివక్ష కమిటీకైతే 6 నెలలే.

ఫిర్యాదు ఎలా రాయాలి?

ఐరాస మానవ హక్కుల కార్యాలయం ఇచ్చే నమూనా ఫారం వాడండి. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కానీ తెలుగులో రాస్తే తీసుకోరు. ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్ భాషల్లో ఒకటి కావాలి. తీర్పుల ముఖ్య భాగాలకూ అనువాదం జత చేయాలి.

జరిగినవి తేదీల వరుసలో రాయండి. ప్రతి సంఘటనకూ ఒక కాగితం చూపండి. తర్వాత ఏ సంఘటన ఏ హక్కును ఎలా దెబ్బతీసిందో విడివిడిగా చెప్పండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ‘నేను నిర్దోషిని, కోర్టు సాక్ష్యాన్ని తప్పుగా చూసింది’ అని రాస్తారు. కమిటీ మరో అప్పీలు కోర్టు కాదు. కోర్టు తీరు మరీ ఏకపక్షంగా ఉంటే తప్ప సాక్ష్యాలను మళ్లీ తూచదు. సింగరాస కేసులో నిలిచిన వాదన వేరు. నేరాంగీకారం బలవంతపుదని నిరూపించే భారం చట్టం అతని మీదే పెట్టిందని, బయటి అనువాదకుడు లేడని, అప్పీలు నాలుగేళ్లకు పైగా లాగిందని చెప్పారు. మూడింటినీ కమిటీ ఒప్పుకుంది.

దేశం నుంచి పంపేయడం, ఉరిశిక్ష లాంటి తిరిగి సరిదిద్దలేని ప్రమాదం ముంచుకొస్తే, తాత్కాలిక రక్షణ చర్యలు కోరుతున్నట్టు మొదటి పేజీలోనే రాయండి. ఆ ప్రమాదం ఏ తేదీన ఉందో చెప్పండి.

నమోదయ్యాక ప్రభుత్వానికి జవాబు చెప్పడానికి 6 నెలలు ఇస్తారు. దాని మీద మీరు మళ్లీ రాయాలి. మౌఖిక వాదనలు చాలా అరుదు, అంతా కాగితాల మీదే. ఏళ్లు పడుతుంది. సింగరాసకు మూడేళ్లు పట్టింది.

గెలిచాక చేతికి వచ్చేది ఏమిటి?

కమిటీ ఇచ్చేదాన్ని తీర్పు అనరు, ‘వ్యూస్’ అంటారు, అంటే అభిప్రాయాలు. 2004 జూలైలో కమిటీ అతని హక్కులకు భంగం కలిగిందని తేల్చి, అతన్ని విడుదల చేయాలని లేదా మళ్లీ విచారించాలని, నష్టపరిహారం కూడా ఇవ్వాలని చెప్పింది. దాన్ని పట్టుకుని అతను మళ్లీ శ్రీలంక సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2006 సెప్టెంబరులో కోర్టు కొట్టేసింది. రాష్ట్రపతి ప్రోటోకాల్‌లో చేరడమే రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. న్యాయం చేతికి అందినట్టే అంది జారిపోయిన ఆ మనిషి సంగతి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అలాగని వ్యూస్ ఉత్త కాగితం కాదు. దేశాలు వాటిని సద్భావంతో పాటించాలని, ఒడంబడిక అర్థం చెప్పే అధికారిక నిర్ణయాలు అవేనని కమిటీ 2008లో 33వ సాధారణ వ్యాఖ్యలో చెప్పింది. బలవంతంగా అమలు చేయించే పోలీసు మాత్రం దానికి లేదు. అమలు ఆ దేశ కోర్టులు, చట్టసభల మీద ఆధారపడుతుంది. స్పెయిన్‌లో ఒక తల్లి కేసు వేరేలా ముగిసింది. ఆమె కూతుర్ని ఆ పాప కన్నతండ్రే చంపాడు. మహిళలపై వివక్ష నిర్మూలన కోసం ఉన్న మరో ఐరాస కమిటీ 2014లో ఆమె పక్షాన తేల్చింది. 2018లో స్పెయిన్ సుప్రీంకోర్టు ఆ నిర్ణయానికి దేశం కట్టుబడాలని చెప్పి 6 లక్షల యూరోల పరిహారం ఇప్పించింది.

అందుకే ఫిర్యాదు పంపే ముందే ఆ దేశ లాయరును ఒక ప్రశ్న అడగండి: వ్యూస్ వస్తే కేసు తిరిగి తెరవడానికి ఇక్కడ ఏ చట్టం ఉంది? గెలిచాక ప్రభుత్వం ఏం చేసిందో, ఏం చేయలేదో కమిటీ అనుసరణ విభాగానికి కాగితాలతో సహా రాస్తూ ఉండండి. ఆ జవాబుల మీదే కమిటీ మళ్లీ ప్రభుత్వాన్ని అడుగుతుంది.