రివ్యూ రాసిన ఫుడ్ బ్లాగర్‌కి థాంక్స్ మెసేజ్ పెడితే రిప్లై రాలేదా?

నెల్లూరులో మా మామయ్య బేకరీకి, ఇంకో రెండు మూడు షాపులకి ఇన్‌స్టా నేనే చూస్తా. అందరూ అడిగేది ఒకటే: "అబ్బయ్యా, ఆయమ్మ మన గురించి అంత బాగా రాసింది, థాంక్స్ చెప్పి కొలాబ్ అడిగితే ఉలుకూ పలుకూ లేదు, ఏంది?"

మెసేజ్ సీన్ కూడా అవ్వలేదు

ముందు ఇది చూడండి, పది మందిలో తొమ్మిది మంది చూడరు. ఆమె మిమ్మల్ని ఫాలో అవ్వకపోతే మీ మెసేజ్ ఇన్‌బాక్స్‌లోకి కాదు, రిక్వెస్ట్స్‌లోకి పోతుంది. ఆమె యాక్సెప్ట్ చేసేదాకా మీకు దక్కేది ఒక్క టెక్స్ట్ మెసేజే, ఫోటోలు కూడా పోవు. మనోళ్ళు ఆ ఒక్కదాన్నీ "హాయ్ మేడం" అని ఖర్చు పెట్టేసి కూర్చుంటారు. చెప్పాల్సిందంతా ఆ మొదటి మెసేజ్‌లోనే ఉండాలి. బయోలో మెయిల్ ఐడీ ఉంటే అక్కడికే రాయండి, ఇంకా మంచిది.

సీన్ అయింది, కానీ రిప్లై లేదు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. మామయ్య పెట్టించిన మెసేజ్ ఇది:

"మేడం గారూ మీ రివ్యూకి చాలా థాంక్స్. మీకు 1 కేజీ కేక్ ఫ్రీగా పంపిస్తాం. నెలకి రెండు రీల్స్ చేయగలరా?"

చదివితే తప్పేం కనపడదు, మర్యాదగానే ఉంది. కానీ ఆమె వైపు నుంచి చూడండి. సాయంత్రం నాలుగింటికి మా షాపుకొచ్చి, బిల్లు కట్టి, వేడి వేడి దిల్‌పసంద్ తిని, కొబ్బరి తడిగా ఉంది, టూటీ ఫ్రూటీ మరీ గుప్పించలేదు అని ఓపిగ్గా రాసింది. అట్టా రాసిందానికి ఇప్పుడు షాపోడు కేక్ ఇస్తానంటున్నాడు. ఆ కేక్ తీసుకుంటే నిన్నటి రివ్యూ కూడా అమ్ముకున్నట్టే కనపడుద్ది. ఊరికే అనుమానం కాదండీ, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన గైడ్ ప్రకారం డబ్బులే కాదు, ఫ్రీగా ఇచ్చిన వస్తువు, గిఫ్టు, డిస్కౌంటు ఏది పుచ్చుకున్నా పోస్టులో ఆ సంగతి చెప్పాలి. అంటే మనం ప్రేమగా ఇచ్చే కేక్ ఆమెకి ఒక లెక్క అవుద్ది. ఆమె రిప్లై ఇవ్వలేదు, కానీ రెండు రోజులకి రివ్యూ కింద "బిల్లు కట్టి తిన్నాను" అని ఒక లైను చేర్చింది. అది చూసినాకే నాకు వెలిగింది.

కాబట్టి థాంక్స్ వేరు, కొలాబ్ వేరు, రెండూ ఒకే మెసేజ్‌లో కలపొద్దు. థాంక్స్‌లో ఫ్రీ అనే మాటే రాకూడదు, ఏమీ అడగకూడదు, రివ్యూ చివరిదాకా చదివారని తెలిసే ముక్క ఒకటి ఉండాలి. ఇట్టా:

"నమస్తే అండి. మా దిల్‌పసంద్‌లో కొబ్బరి తడి గురించి మీరు రాసింది మా మాస్టర్‌కి చదివి వినిపించాం, కొబ్బరి రోజూ పొద్దున్నే తురుముతాడు, చాలా సంతోషపడ్డాడు. పఫ్ ఉప్పెక్కువైంది అన్నారు కదా, తగ్గించాం. థాంక్స్ అండి."

కొలాబ్ సంగతి ఒక పది పదిహేను రోజులు ఆగి అడగండి, ఈలోపు ఆమె రిప్లై ఇస్తే ఇంకా తేలిక. అందులో దాపరికాలు వద్దు: డిసెంబర్‌లో ప్లమ్ కేక్ మీద ఒక రీల్, డబ్బులు ఇంత, పోస్టు మీద పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ మీరు పెట్టుకోండి, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, పాత రివ్యూకీ దీనికీ సంబంధం లేదు. ఈ చివరి ముక్క మర్చిపోవద్దు, ఆమె చూసేది దానికోసమే. డబ్బులు ఎంతో తెలియకపోతే "మీ రేటు చెప్పండి" అని రాయండి, కేక్‌తో సరిపెడదాం అనుకోవద్దు.

ఇప్పటికే రెండూ కలిపి పంపేశారా? డిలీట్ చేసి దాక్కోవద్దు. "కేక్ మాట తొందరపడి అన్నాం, వెనక్కి తీసుకుంటున్నాం, మీ రివ్యూ మీ బిల్లుతో మీరు రాసుకున్నది, అట్టానే ఉండనీండి" అని ఒక్కసారి రాసి ఆగండి. మేం అదే చేశాం, నాలుగో రోజు "పర్లేదండి" అని వచ్చింది. కొలాబ్ మాత్రం ఆ ఏడాది ఒప్పుకోలేదు.

ముందు బాగా మాట్లాడి తర్వాత మాయమైంది

ఆమె తీసిన ఫోటో అడక్కుండా ఫ్లెక్సీ మీద వేశారేమో చూడండి. వేసుంటే దించి సారీ చెప్పండి.

ఇక బ్లాక్ చేసింది, అకౌంట్ మూసేసింది లాంటివి నేను ఒకటి రెండు సార్లు కూడా చూళ్ళేదు, వాటి గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. మీరు పంపిన మెసేజ్ తెరిచి, అందులో "ఫ్రీ" ఉందో లేదో ముందు అది చూడండి.