తేమ మీటరు దగ్గర మాట తప్పకుండా ఉండడం ఎలా?

సార్వా మాసూళ్లు మొదలై, ఆకాశం మబ్బేసిందంటే గోదావరి డెల్టాలో ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపేవారి మీద ఒత్తిడి మొదలైనట్టే. రైతుకు తొందర, మిల్లుకు తరుగు కావాలి, మధ్యలో ఫోన్లు. ఇదంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది: తేమ 17 శాతం. అది దాటిన ధాన్యాన్ని కొనుగోలు ప్రమాణం ఒప్పుకోదు.

కొనుగోలు మొదలుకాక ముందే మీ సొంత లెక్క తేల్చుకోండి. మీకూ, మీ బావమరిదికీ, బాబాయికీ పొలం ఉంటే ఆ పేర్లు రిజిస్టరు మొదటి పేజీలో రాసి పెట్టండి. ఆ ధాన్యం వచ్చిన రోజు మీటరు మీరు పట్టుకోకూడదు, వేరే సిబ్బంది పట్టాలి. వరస కూడా దాటకూడదు. మీ రాశి 18 చూపిస్తే అందరి ముందూ వెనక్కి తీసుకెళ్లి ఆరబెట్టండి. పక్క ఊరి రైతుకు మర్నాడు మీరు చెప్పే ‘కుదరదు’ అప్పుడే చెల్లుతుంది.

ఇక కొలత. సగం గొడవలు కొలిచే తీరులోనే పుడతాయి. రాశి పైన ఎండ తగిలి ఆరుతుంది, అడుగున పచ్చిగా ఉంటుంది. అందుకని పైన, మధ్యన, అడుగున, నాలుగైదు చోట్ల గింజ తీసి, గోనె మీద బాగా కలిపి, అందులోంచి మూడుసార్లు కొలిచి సగటు వేయండి. కళ్లంలో ఎండకు వేడెక్కిన గింజ తప్పు అంకె చూపించవచ్చు. మూత ఉన్న డబ్బాలో పోసి, చల్లారాక కొలవాలి. అంకెను రైతే చదవాలి, మీరు రాయాలి. కాటాను రోజూ పొద్దున్నే, ముద్ర వేసిన 20 కిలోల గుండుతో సరిచూసుకోండి. జరిపి మళ్లీ పెట్టిన ప్రతిసారీ అదే పని చేయాలి.

ఇప్పుడు ఫోన్ వచ్చిందనుకోండి. ‘తమ్ముడూ, మనోడివి అరవై బస్తాలు, ఇరవై చూపిస్తోందట. పదిహేడని రాసెయ్, వాన వచ్చేలా ఉంది.’ అడిగేది ఊళ్లో పెద్దమనిషి. నీతి గురించి చెప్పబోతే మాట పెరుగుతుంది. లెక్క చెప్పండి.

బస్తాకు 75 కిలోలు, మొత్తం 4,500 కిలోలు. 20 శాతం తేమ అంటే పొడి గింజ 3,600 కిలోలు. అదే గింజ 17 శాతానికి ఆరితే 4,337 కిలోలు తూగుతుంది. తగ్గేది 163 కిలోలు, అదంతా నీరే. సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున సుమారు 3,860 రూపాయలు. మీరు దొంగ అంకె రాస్తే మిల్లు గేటు దగ్గర మళ్లీ కొలుస్తారు. క్వింటాలుకు 5 కిలోల తరుగు పట్టారంటే 225 కిలోలు, అంటే 5,330 రూపాయలు పోతాయి. లారీ వెనక్కి తిరిగితే కిరాయి అదనం. పైగా తడి ధాన్యం మూటల్లో వేడెక్కి రంగు మారితే అడిగేవాడే ఉండడు.

అందుకే జవాబు ఇలా ఉండాలి: ‘అలా రాస్తే మీవాడికే దెబ్బ అన్నయ్యా. బరకాలు పంపిస్తాను, రాత్రికి కప్పమనండి. రేపు ఎండ కాస్తే రెండంగుళాల మందం మించకుండా పరిచి, గంటకోసారి తిరగేయమనండి. ఆరగానే తన వరస పోకుండా కొలుస్తాను.’ వరస పోదన్న హామీ లేకపోతే ఈ మాటకు విలువ లేదు. ఆ ఫోన్ తేదీ, వేళ, అడిగిన మాట అదే రోజు రిజిస్టరులో రాయండి.

మిల్లు వైపు నుంచి వచ్చే ఒత్తిడి ఇంకో రకం. ‘తేమ ఎంతున్నా బస్తాకు రెండు కిలోలు తీసేద్దాం, మీకేం ఇబ్బంది?’ అంటారు. 17 దాటిన ఒక్కో శాతానికి క్వింటాలుకు నీరు సుమారు 1.2 కిలోలు, 75 కిలోల బస్తాకు 900 గ్రాములు. 17 లోపున్న ధాన్యానికి తేమ తరుగు సున్నా. ఈ మూడు అంకెలూ పెద్ద అక్షరాలతో కేంద్రం గోడ మీద రాయించండి. అంకె మీద పేచీ వస్తే ఒకే నమూనాను రెండు మీటర్లలో, రైతు ఎదుటే కొలిపించండి. గోనె బరువు మీద వాదన వస్తే పది ఖాళీ సంచులు కలిపి తూచి, సగటు తీసుకోండి. పాత సంచులన్నీ ఒకే బరువు ఉండవు.

మీ కుర్రాడే ఎవరికో అంకె మార్చి రాశాడని తెలిస్తే? పేజీ చింపకండి, దిద్దుడు ద్రవం పూయకండి. తప్పు అంకె కనిపించేలా ఒక గీత కొట్టి, సరైనది రాసి, ఇద్దరూ సంతకం చేయండి. లారీ ఇంకా దారిలో ఉంటే మిల్లుకు మీరే ముందు ఫోన్ చేసి చెప్పండి. రైతు దగ్గరికి కూడా ఆ కుర్రాణ్ణి ఒక్కణ్ణే పంపకుండా మీరు వెళ్లండి. ఆ తర్వాత అడగాల్సింది, ఎవరి ఒత్తిడి మీద రాశాడని. చాలాసార్లు, ముందు రోజు మీ చుట్టం ధాన్యానికి మీరు చూసీచూడనట్టు వదిలేసిన సంగతే బయటికొస్తుంది.