షేర్ టిప్స్ గ్రూపులో లాభాల స్క్రీన్‌షాట్లు వస్తుంటే ఏం చూడాలి, ఎలా చూడాలి?

మాది పాలకొల్లు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేయడం నా పని. ఈమధ్య నా దగ్గరికి రిటర్ను కోసం కాకుండా ఫోన్ పట్టుకుని "ఏమండీ, ఈ గ్రూపు కాస్త చూసి పెడతారా" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. రొయ్యల చెరువుల వాళ్లు, కొబ్బరి వ్యాపారులు, రిటైరైన మాస్టార్లు, అందరూ చెప్పేది ఒకటే మాట: "ముందు కొంచెమే వేసి చూశానండీ, తిరిగి వచ్చింది, అందుకే నమ్మాను." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఎందుకంటే కొంచెం వేసి చూడడం పరీక్షే కాదు, గ్రూపు నడిపేవాళ్లు మన చేత చేయించే మొదటి పని అది. అసలు పరీక్ష వేరే ఉంది, ఎలా చేయాలో చెబుతాను.

కావలసినవి

మీ ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంటు, ఒక పొడుగు నోటుబుక్, పెన్ను. నోటుబుక్ కాగితానిదే కావాలి, ఫోన్‌లో నోట్స్ పనికిరావు. అదే ఫోన్‌లో గ్రూపు మెసేజీలు టింగుమంటూ వస్తుంటే మనసు నిలవదు.

1. గ్రూపును ఒకసారి పైనుంచి కిందకి చూడండి

మిమ్మల్ని ఎవరు చేర్చారు, అడ్మిన్ నంబరు ఏ దేశపు కోడ్‌తో మొదలవుతోంది, "థాంక్యూ సర్, ఈరోజు 38 వేలు వచ్చాయి" అని రాసేవాళ్లు రోజూ అదే పదిమందా? పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గ్రూపులో ఏమీ అడగకండి, వాదించకండి. అడిగితే మిమ్మల్ని తీసేస్తారు, మీకు కావలసిన ఆధారాలూ దానితో పోవచ్చు. వాట్సాప్ గ్రూపైతే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కి పంపుకోండి.

2. స్క్రీన్‌షాట్‌ను ధరతో సరిచూడండి

ఉదాహరణకి ఒక ఆప్షన్‌ని, అంటే ధర పెరుగుతుందనో పడుతుందనో అంచనా మీద కొనే కాంట్రాక్టుని, 42కి కొని 118కి అమ్మినట్టు చూపించారనుకోండి. స్టాక్ ఎక్స్ఛేంజి ఎన్ఎస్ఈ వెబ్‌సైట్‌లో ఆ కాంట్రాక్టుకు ఆ రోజు గరిష్ఠ ధర ఎంతో చూడండి. అది 97 దగ్గరే ఆగితే 118కి అమ్మడం ఎవరివల్లా కాదు. ఫోటో మీద కనిపించే టైము ఉదయం 9:15కి ముందో మధ్యాహ్నం 3:30 తర్వాతో ఉండి, లాభం అంకె మాత్రం ఇంకా కదులుతున్నట్టుంటే అదీ గుర్తే.

ధర సరిపోయిందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. ఒకే ఉదయం ఒక అకౌంటులో పెరుగుతుందని, ఇంకో అకౌంటులో పడిపోతుందని కొంటే చాలాసార్లు రెండిట్లో ఒకటి లాభంలో ఉంటుంది, గ్రూపులో ఆ ఒక్కటే పెడతారు. టిప్ వచ్చిన నిమిషాన్నే టైముతో సహా నోటుబుక్‌లో రాసుకోమని నేను చెప్పేది అందుకే. టెలిగ్రామ్‌లో తప్పిన టిప్‌ని అడ్మిన్ డిలీట్ చేస్తే జాడ కూడా ఉండదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగతంగా ట్రేడ్ చేసినవాళ్లలో నూటికి 93 మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీయే లెక్క కట్టి చెప్పింది. అలాంటి చోట గ్రూపులో ప్రతి ఒక్కరికీ ప్రతిరోజూ లాభమే అంటే ఆ స్క్రీన్‌షాట్ల మీద ఇంతకంటే టైము పెట్టక్కర్లేదు.

3. నాలుగు పేర్లు ఒక వరుసలో రాయండి (ఇక్కడే అందరూ తప్పు చేస్తున్నారు)

నోటుబుక్‌లో ఒక అడ్డగీత గీసి దాని మీద నాలుగు పేర్లు రాయండి. గ్రూపు ఏ సంస్థ పేరు చెబుతోంది, యాప్ మీద ఏ పేరుంది, మీ డబ్బు ఎవరి పేరున్న అకౌంటుకి వెళ్లింది, తిరిగి వచ్చిన ఆ కొంచెం డబ్బు ఎవరి పేరు నుంచి వచ్చింది. మొదటి రెండూ అందరికీ నోటికొచ్చు. చివరి రెండూ చెప్పమంటే ఫోన్ వైపు చూస్తారు. డబ్బు వచ్చిందని ఎస్ఎమ్ఎస్ చూశారు తప్ప ఎవరు పంపారో చదవలేదన్నమాట.

ఆకివీడు వైపు చెరువులు చేసే ఒకాయన కేసు చెబుతాను. పట్టుబడి డబ్బులు చేతికొచ్చాయి, మేత కొట్టు బాకీ తీర్చగా కొంత మిగిలింది, అప్పుడే గ్రూపులో చేరారు. యాప్‌లో పెద్ద బ్రోకింగ్ సంస్థ పేరు, లోగో అన్నీ ఉన్నాయి. 50,000 వేశారు. మూడో రోజుకి యాప్‌లో 61,400 చూపించింది. పరీక్ష కోసమని 5,000 వెనక్కి తీసుకున్నారు, పావుగంటలో బ్యాంకులో పడింది. ఇంకేముంది, మరో 4 లక్షలు వేశారు.

స్టేట్‌మెంటు తీయించి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. 50,000 వెళ్లింది ఏదో ఊళ్లో "ట్రేడర్స్" అని చివర ఉన్న ఒక అకౌంటుకి. 4 లక్షలు రెండు ముక్కలుగా వెళ్లాయి, ఒకటి "ఎంటర్‌ప్రైజెస్"కి, ఇంకొకటి ఒక మొబైల్ షాపుకి. తిరిగి వచ్చిన 5,000 పంపింది ఎవరో ఒకావిడ, సొంత పేరు మీద ఉన్న అకౌంటు నుంచి. ఆ బ్రోకింగ్ సంస్థ పేరు స్టేట్‌మెంటులో ఒక్కచోట కూడా లేదు. ఆయన ఆ కాగితం మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచారు.

రిజిస్టరైన స్టాక్ బ్రోకర్‌కి నేరుగా ట్రాన్స్‌ఫర్ చేస్తే డబ్బు వెళ్లే అకౌంటు ఆ బ్రోకర్ పేరు మీదే ఉంటుంది. పేరు పక్కన USCNB లాంటి అక్షరాలు ఉండొచ్చు, అది క్లయింట్ల డబ్బు తీసుకునే అకౌంటని గుర్తు. తిరిగి వచ్చేది కూడా బ్రోకర్ పేరు నుంచే వస్తుంది. అకౌంటు పూటకొకటి మారదు. "మా అకౌంటు లిమిట్ అయిపోయింది సర్, ఈరోజుకి ఇందులో వేయండి" అని బ్రోకర్ అనడు. ఇంకో సంగతి, నిజమైన బ్రోకర్ మీ పేరున రిజిస్టరైన బ్యాంకు అకౌంటు నుంచి వచ్చిన డబ్బే తీసుకుంటాడు. మీ ఆవిడ అకౌంటు నుంచి వేసినా, బావమరిది ఫోన్ నుంచి వేసినా "క్రెడిటెడ్" అని చూపించే యాప్ బ్రోకర్ యాప్ కాదు.

ఒక జాగ్రత్త ఉంది. నిజమైన బ్రోకర్‌కే యాప్ లోపలి నుంచి కట్టినా, స్టేట్‌మెంటులో ఒక్కోసారి పేమెంట్ గేట్‌వే పేరు పడుతుంది. దానికి టెన్షన్ పడొద్దు. అలాంటి అనుమానం ఉంటే యూపీఐ ఐడీ చూడండి. 2025 అక్టోబరు 1 నుంచి సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకర్లకి, మ్యూచువల్ ఫండ్లకి `@valid` తర్వాత బ్యాంకు పేరు వచ్చే ప్రత్యేకమైన ఐడీలు ఇచ్చారు, కట్టేటప్పుడు ఆకుపచ్చ త్రిభుజంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. సెబీ వారి `SEBI Check`లో ఐడీ గానీ, అకౌంటు నంబరు, ఐఎఫ్ఎస్‌సీ గానీ కొట్టి సరిచూసుకోవచ్చు.

చాలామంది నన్ను అడుగుతారు, సెబీ రిజిస్ట్రేషన్ నంబరు చూస్తే చాలదా అని. చాలదు. రీసెర్చ్ ఎనలిస్టుకి INH, అడ్వైజర్‌కి INA, బ్రోకర్‌కి INZ అని మొదలయ్యే నంబరు ఉంటుంది నిజమే, కానీ అసలు సంస్థ నంబరునే తెచ్చి గ్రూపులో అతికిస్తారు. వెబ్‌సైట్‌లో వెతికితే నంబరు నిజమే అని వస్తుంది, మనం ఇంకా గట్టిగా నమ్ముతాం. నంబరుతో చూడాలనుకుంటే సెబీ సైట్‌లో ఆ సంస్థ పేరు ఎదురుగా ఉన్న ఫోన్‌కి మీరే చేసి, ఈ గ్రూపు మీదేనా అని అడగండి. నా లెక్కలో అకౌంటు పేరు దీనికంటే మేలు. లోగో, నంబరు, సర్టిఫికెట్ అన్నీ దొంగిలించొచ్చు, బ్రోకర్ బ్యాంకు అకౌంటుని దొంగిలించలేరు.

ఆ చిన్న మొత్తం వెనక్కి రావడంలో ఇంకో ప్రమాదం ఉంది, ఇది దాదాపు ఎవరికీ తెలియదు. మీకు వచ్చిన 5,000 చాలాసార్లు ఇంకో ఊళ్లో మోసపోయినవాళ్ల డబ్బే. వాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ డబ్బు వెళ్లిన దారంతా పట్టుకుని వస్తారు, మీ అకౌంటులో ఆ మొత్తం మీద హోల్డ్ పడుతుంది, ఒక్కోసారి అకౌంటే ఆగిపోతుంది. సరిగ్గా చెరువులో సీడ్ వేసే టైముకి అకౌంటు ఆగిపోతే ఏమవుతుందో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే వంద రూపాయలైనా సరే, వేసి చూడొద్దు. అకౌంటు పేరు వేయకముందే కనిపిస్తుంది, అక్కడే ఆగి చదవండి.

4. "ఈ రాత్రికే" అన్నప్పుడు

తొందరపెట్టే మెసేజీలు రెండు రకాలు. మొదటిది ఐపీఓ, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం. "మీకు 3,000 షేర్లు ఎలాట్ అయ్యాయి, మిగతా 6 లక్షలు ఈ రాత్రికి కట్టకపోతే లీగల్ యాక్షన్" అంటారు. ఐపీఓలో మన డబ్బు మన బ్యాంకులోనే బ్లాక్ అయి ఉంటుంది, ఎలాట్ అయితేనే కదులుతుంది. అడిగినదానికంటే ఎక్కువ షేర్లు ఎవరికీ ఇవ్వరు. ఎలాట్‌మెంటు అయిందో లేదో ఆ ఇష్యూ రిజిస్ట్రార్ సైట్‌లో మీ పాన్ కొడితే వస్తుంది.

రెండోది టాక్స్, ఇది నా పని కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. లాభం తీసుకోబోతే "20 శాతం టాక్స్ ముందు కట్టండి" అంటారు. లిస్టయిన షేర్లను ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభం మీద 2024 జులై 23 నుంచి 20 శాతం ఉన్న మాట నిజమే. అందుకే జనం నమ్ముతున్నారు. కానీ అది మీరు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో చలానా తీసి ప్రభుత్వానికి కడతారు, బ్రోకర్‌కి కాదు, డబ్బు తీసుకోవడానికి ముందూ కాదు. ఆకివీడు ఆయన్ని అడిగింది ఈ టాక్సే. కట్టే ముందు నా దగ్గరికి వచ్చారు కాబట్టి ఆ లక్షా పాతిక వేలు మిగిలాయి.

5. ఇప్పటికే వేసేసి ఉంటే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టండి. ప్రతి చెల్లింపుకీ ఉండే యూటీఆర్ నంబరు, తేదీ, మొత్తం, వెళ్లిన అకౌంటు పేరు ముందే నోటుబుక్‌లో వరుసగా రాసి పెట్టుకోండి, అడగ్గానే చెప్పగలగాలి. మీ డబ్బు అకౌంట్లు మారుతూ బయటికి పోకముందే దాన్ని ఆపగలరు, అది గంటల వ్యవహారం. ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచిస్తూ కూర్చోవద్దు. మీ బ్యాంకు బ్రాంచికి కూడా అదే రోజు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

ఫిర్యాదు పెట్టాక కొన్ని రోజులకి "మీ డబ్బు మేం వెనక్కి తెప్పిస్తాం, ఫీజు 15 వేలు" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆ ఫీజు ఎవరి పేరున్న అకౌంటుకి వేయమంటున్నారో నోటుబుక్‌లో రాసుకుని, అదే ఫిర్యాదుకి జత చేయండి.